మాట్లాడినవారి పేర్లు రాసిన పిల్ల

నేపథ్యం

ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలది. నేను అక్కడ తెలుగు చెబుతాను. ఆ ఏడాది ఏడో తరగతికి క్లాస్ టీచర్‌ని కూడా. పిల్లల పేర్లు మార్చాను, ఇళ్ల వివరాలు వదిలేశాను, ఊరిని గుర్తుపట్టించే చిన్న సంగతులను కొంచెం అటూ ఇటూ చేశాను. అమ్మాయిని రమ అంటాను. ఆమె ఉన్న ఆరుగురు ఆడపిల్లల జట్టులో అందరూ ఎవరి మాట వింటారో ఆ పిల్ల శైలజ. రమకు అందరికన్నా దగ్గరి స్నేహితురాలు లక్ష్మి.

మా బడికి భోజనశాల లేదు. గంట కొట్టగానే పిల్లలు కంచాలు కడుక్కుని వంటగది ముందు వరుసలో నిలబడతారు. అన్నం, కూర, గుడ్డు వేయించుకుని వరండాలోనో, చెట్టు కిందో, సైకిళ్ల షెడ్డు పక్కనో గుండ్రంగా కూర్చుంటారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. అయినా బడి తెరిచిన కొద్ది వారాలకే చోట్లు ఖాయమైపోతాయి, ఏడాదంతా అవే. టీచర్లం వంతులవారీగా వరుస దగ్గర నిలబడతాం. తోపులాట లేకుండా, అందరికీ గుడ్డు అందేలా చూస్తాం. కంచం చేతికి వచ్చిన తర్వాత ఆ పిల్ల ఎటు వెళ్తుందో చూడటం మా విధుల పట్టికలో లేదు. ఈ కేసంతా ఆ చూడని ఇరవై నిమిషాల్లోనే జరిగింది.

రమ చదువులో ముందుండే పిల్ల, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ ఏడాది క్లాస్ లీడర్. మా బడిలో, బహుశా మీ బడిలో కూడా, క్లాస్ లీడర్‌కు ఒక పని ఉంటుంది. టీచర్ గదిలో లేనప్పుడు నల్లబల్ల మీద కుడివైపు ఒక గీత గీసి, పైన ‘మాట్లాడినవారు’ అని శీర్షిక పెట్టి, గొడవ చేసినవారి పేర్లు రాయాలి. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన అడ్డగీత. వచ్చిన టీచర్ ఆ జాబితా చూసి, ఆ రోజు తన ఓపికను బట్టి, నిలబెట్టడమో మందలించడమో చేస్తారు. తరాలుగా నడుస్తున్న పద్ధతి, నేను చదువుకున్నప్పుడూ ఇదే. ఈ వివరం ఇక్కడ ఎందుకు పెట్టానో ముందుకు వెళ్లాక తెలుస్తుంది. మాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది.

సమస్య మొదట ఎలా కనబడింది

ఫిర్యాదు ఎవరూ చేయలేదు. దసరా సెలవుల తర్వాత మొదటి మాట వంటావిడ నుంచి వచ్చింది. ‘మీ క్లాసు పాప అన్నం చాలా కొంచెం వేయించుకుంటోందమ్మా, ఇదివరకు మారు అడిగేది’ అంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లకు రోజుకు 150 గ్రాముల బియ్యం లెక్కన వండుతారు. రమ కంచంలో అందులో సగం కూడా పడటం లేదట. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ పాప వరుసలో మొదటైనా ఉంటుంది, లేదా అందరూ అయిపోయాక చివరనైనా వస్తుంది, మధ్యలో ఎప్పుడూ ఉండదు అని. అన్నం తగ్గడానికి వంద కారణాలు ఉంటాయి. వరుసలో రెండు కొసలే ఎంచుకోవడానికి అన్ని ఉండవు. మొదట వస్తే అందరూ కూర్చునేలోపు తినేసి లేవవచ్చు. చివర వస్తే అందరూ లేచాక కూర్చోవచ్చు. రెండింటిలోనూ ‘నా పక్కన కూర్చో’ అని ఎవరూ పిలవకపోవడాన్ని నలుగురూ చూసే అవకాశం లేదు.

అదే సమయంలో రమ చాలా సాయం చేసే పిల్లగా పేరు తెచ్చుకుంది. భోజన విరామంలో గ్రంథాలయం బీరువా సర్దుతానని వచ్చేది. గుడ్లు పంచుతానని, స్టాఫ్ రూముకు మంచినీళ్లు తెస్తానని అడిగేది. ఇలాంటి పిల్లను ఎవరు అనుమానిస్తారు? ఈ లక్షణాన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే వెలిపడిన పిల్లలను గురించి మనకున్న బొమ్మలో మూల కూర్చుని ఏడ్చే పిల్లే ఉంటుంది. తెలివైన పిల్లలు మూల కూర్చోరు, పని వెతుక్కుంటారు. పని ఉన్న పిల్ల ఒంటరిగా ఉన్నట్టు కనబడదు. విరామ సమయంలో మాత్రమే సాయానికి వచ్చి, క్లాసు మధ్యలో అడిగితే వెనకాడే పిల్లను కాస్త గమనించాలి.

మూడోది కడుపునొప్పి. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో వచ్చేది, సాయంత్రం ఇంటి గంటకు తగ్గేది. సెలవు రోజుల్లో లేదని తర్వాత తల్లి చెప్పింది.

ముందుగా తోసిపుచ్చవలసినవి

బడిలో భోజనం దగ్గర ఒక పిల్ల విడిగా కూర్చుందంటే, మన ప్రాంతంలో మొదట అడగవలసిన ప్రశ్న కులం. దీన్ని మొహమాటంతో దాటవేయడం తప్పు. కులం వల్ల వెలివేత అయితే అది పిల్లల మధ్య అలక కాదు, చట్టం చూసుకోవలసిన విషయం. దానికి జట్లు కలిపే పద్ధతులు వాడితే బాధితురాలిని మళ్లీ అవమానించినట్టే. కాబట్టి ఎవరినీ ఏమీ అడగకుండా కొన్ని రోజులు భోజన వేళ కేవలం చూశాను. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, ఎవరి కంచంలోంచి ఎవరు తీసుకుంటున్నారు, నీళ్ల గ్లాసు ఎవరి నుంచి ఎవరికి వెళ్తోంది అని. శైలజ జట్టులో అన్ని సామాజిక వర్గాల పిల్లలూ ఉన్నారు. రమ వర్గానికే చెందిన ఇంకో పిల్ల ఆ జట్టు మధ్యలోనే కూర్చుని ఊరగాయ పంచుతోంది. ఈ సందర్భంలో కులం కారణం కాదన్న నమ్మకం కుదిరింది.

రెండోది, ఇంట్లోనో దారిలోనో పెద్దవాళ్ల వల్ల ఏదైనా జరుగుతోందా అన్న అనుమానం. తిండి తగ్గడం, కడుపునొప్పి, పెద్దల దగ్గరే ఉండాలని చూడటం, ఈ మూడూ అక్కడ కూడా కనబడతాయి. దీన్ని చూసి తేల్చుకోలేం. పిల్ల మాట్లాడినప్పుడే తెలుస్తుంది. కానీ ఆ అవకాశాన్ని మనసులో ఉంచుకోవడం వల్ల తర్వాత నేను ఆమెతో ఏ మాట ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అన్నది స్పష్టమైంది.

ఫలించని ప్రయత్నాలు

మొదటిది నేరుగా అడగడం. విరామంలో ఒంటరిగా ఉన్నప్పుడు పిలిచి, ‘ఎవరైనా ఏమైనా అంటున్నారా అమ్మా?’ అన్నాను. ‘లేదు మేడమ్’ అంది. అబద్ధం కాదు, ఎవరూ ఏమీ అనడం లేదు. అదే అసలు సమస్య. కొట్టడం, తిట్టడం, పుస్తకం చింపడం అయితే చెప్పడానికి ఒక సంఘటన ఉంటుంది, తేదీ ఉంటుంది, సాక్షి ఉంటాడు. జరుపుకుని చోటివ్వకపోవడం, పిలవకపోవడం, వచ్చేసరికి మాట ఆపేయడం, ఇవన్నీ జరగనివి. జరగనిదాన్ని పన్నెండేళ్ల పిల్ల ఏమని ఫిర్యాదు చేస్తుంది?

రెండోది ప్రార్థనా సమయంలో స్నేహం గురించి చెప్పిన నీతిబోధ. ప్రధానోపాధ్యాయులు బాగానే చెప్పారు. ఆ మధ్యాహ్నం ఆయన మాటలనే శైలజ జట్టు రాగం తీసి అనుకుంటూ నవ్వుకుంది. ఎవరి గురించి చెప్పారో క్లాసులో అందరికీ తెలుసు. రమ ఎవరి దగ్గరో చెప్పేసిందన్న అనుమానం కూడా అప్పుడే మొదలైంది. పేరు చెప్పకుండా అందరికీ కలిపి చెప్పడం సురక్షితం అనుకుంటాం. ముప్పై ఎనిమిది మంది ఉన్న తరగతిలో పేరు చెప్పకపోవడం అంటూ ఏదీ ఉండదు.

మూడోది మా లెక్కల మాస్టారు చేసింది. ఆయన మంచి మనసుతో, వరండాలో ఆ జట్టు దగ్గరకు రమను తీసుకెళ్లి, ‘జరగండమ్మా, ఈ పిల్లను కూడా కూర్చోబెట్టుకోండి’ అన్నారు. జరిగారు. నవ్వుతూ జరిగారు. ఆయన పది అడుగులు వేసేవరకూ అలాగే ఉన్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. తర్వాత ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదు కంచాల్లో చేతులు వేగంగా కదిలాయి. శైలజ ఖాళీ కంచం పట్టుకుని లేచింది, ఆ వెంటనే మిగతా నలుగురూ లేచారు. ఇద్దరి కంచాల్లో అన్నం ఇంకా ఉంది, అయినా లేచారు. రమ ఇంకా గుడ్డు పెంకు తీయలేదు. అంతే. మరుసటి రోజు మాస్టారు అడిగితే ‘కూర్చోబెట్టుకున్నాం కదా సార్’ అన్నారు, అదీ నిజమే.

బలవంతంగా కూర్చోబెట్టడం ఎందుకు పనిచేయదో ఆ కంచాలే చెప్పాయి. పెద్దవాళ్ల ఆజ్ఞకు ఒళ్లు లొంగుతుంది, చోటిస్తుంది. ఆ చోటు ఇచ్చే అధికారం మాత్రం జట్టు చేతిలోనే ఉండిపోతుంది, పైగా ఈసారి దాన్ని అందరి ముందూ చూపించుకోగలిగారు.

ఫిర్యాదుల పెట్టె కూడా పెట్టాం. తెరిస్తే పనిచేయని ఫ్యాను గురించి, మరుగుదొడ్డి గడియ గురించి చీటీలు ఉన్నాయి. రమ చేతిరాత అందులో లేదు. ఆ చేతిరాత క్లాసులో అందరికీ తెలుసు కాబట్టి ఉండే అవకాశమూ లేదు.

సోషియోగ్రామ్ వేద్దామా అని కూడా ఆలోచించాను. 1930లలో జేకబ్ మొరేనో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి. ప్రతి పిల్లనూ ‘ఎవరితో కలిసి పని చేయడం ఇష్టం’ అని పేర్లు రాయమని, ఆ పేర్లను గీతలతో కలిపితే ఎవరికి ఎవరు దగ్గరో, ఎవరికి ఒక్క గీతా రాలేదో తెలుస్తుంది. బీఈడీలో చదువుకున్నాం. వద్దనుకున్నాను. చీటీలు ఇచ్చి ముగిసిన మరుక్షణం నుంచి ‘నువ్వు ఎవరి పేరు రాశావు’ అన్న విచారణ నడుస్తుంది. ఒంటరి పిల్లకు తాను ఒంటరినని లెక్కతో సహా తెలుస్తుంది. తెలుసుకునేది నేను, ఖర్చు ఆమెది.

ఆమె చెప్పిన రోజు

వర్ణన రాయించే పాఠం వచ్చింది. సాధారణంగా ‘మా ఊరి జాతర’, ‘వాన కురిసిన రోజు’ ఇస్తాం. నేను ‘మన బడిలో మధ్యాహ్నం’ ఇచ్చాను. రాసే ముందు ఒక పటం గీయమన్నాను. వంటగది, వరండా, చెట్టు, కుళాయి గీసి, తాము నడిచే దారిని చుక్కల గీతతో చూపాలి. గంట కొట్టినప్పటి నుంచి మళ్లీ గంట కొట్టేదాకా ఎక్కడెక్కడ ఆగుతారో అక్కడ ఒక సున్నా చుట్టాలి. మనుషుల పేర్లు రాయనక్కరలేదు అని ప్రత్యేకంగా చెప్పాను. పిల్లలను మనుషుల గురించి అడిగితే సర్దుకుని చెబుతారు, చోట్ల గురించి అడిగితే ఉన్నది చెబుతారు అన్నది నా అనుభవం. తరగతి మొత్తానికీ ఇచ్చిన పని కాబట్టి రమ మీద ఎవరి కన్నూ పడదు.

మిగతా పిల్లల పటాల్లో ఒకటో రెండో సున్నాలు ఉన్నాయి. రమ పటంలో తొమ్మిది ఉన్నాయి. వంటగది, కుళాయి, మెట్లు, స్టాఫ్ రూము, మళ్లీ కుళాయి, గ్రంథాలయం, సైకిళ్ల షెడ్డు వెనక, మరుగుదొడ్డి, మళ్లీ గ్రంథాలయం. వర్ణనలో కూర రంగు, గుడ్డు మీది పసుపు మరక, చిక్కీ ఇచ్చే రోజు కాగితాల చప్పుడు, అన్నీ ఉన్నాయి. మనిషి ఒక్కరూ లేరు.

నోటు పుస్తకాలు తిరిగి ఇచ్చేటప్పుడు, ఆమె గ్రంథాలయంలో ఉన్న సమయంలో, పటం తెరిచి పక్కపక్కనే కూర్చున్నాం. ఎదురుగా కాదు. ఇద్దరి చూపూ కాగితం మీద ఉంటే మాట సులువవుతుంది. ‘ఈ కుళాయి దగ్గర రెండుసార్లు ఆగావు, ఏం చేస్తావు అక్కడ?’ అన్నాను.

‘కంచం కడుక్కుంటాను మేడమ్.’

‘రెండోసారి?’

‘మళ్లీ కడుక్కుంటాను.’

‘శుభ్రంగా ఉన్న కంచాన్నా?’

చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ మౌనాన్ని ఇంకో ప్రశ్నతో నింపకపోవడం ఈ పనిలో కష్టమైన భాగం. మనకు పాఠం చెప్పే అలవాటు, గదిలో మాట ఆగితే చెయ్యి సుద్దముక్క కోసం వెళ్తుంది.

‘వాళ్లు లేచేదాకా ఏదో ఒకటి చేయాలి కదా మేడమ్’ అంది చివరికి.

అక్కడి నుంచి ‘ఎవరు’ అని అడగలేదు. ‘మెట్ల దగ్గర ఎలా ఉంటుంది? అప్పుడు ఏమవుతుంది? ఆ తర్వాత?’ అని పటంలో సున్నా వెంట సున్నా పట్టుకుని వెళ్లాను. నాలుగో సున్నా దగ్గర తానే ఆపి, ‘నేను చెబితే మీరు ఎవరికీ చెప్పరు కదా?’ అంది.

ఇక్కడ ‘చెప్పను’ అనడం తేలిక. అనకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయక తప్పదు. పిల్ల నోటి నుంచి రాబోయేది ఏమిటో వినకముందే రహస్యం కాపాడతానని మాట ఇస్తే, రేపు తప్పేది మన మాటే. ‘నీకు ప్రమాదం కలిగించేది అయితే సాయం చేయగలిగేవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. కాకపోతే నీతో మాట్లాడకుండా ఏమీ చేయను. ఏం చేసినా ముందు నీకు చెబుతాను’ అన్నాను. కాసేపు ఆలోచించి, తల ఊపి, మొదలుపెట్టింది.

దసరాకు ముందు ఒక రోజు, టీచర్ లేని పీరియడ్‌లో, ఆమె నల్లబల్ల మీద శైలజ పేరు రాసింది. పక్కన రెండు అడ్డగీతలు. వచ్చిన టీచర్ శైలజను క్లాసు బయట నిలబెట్టారు. అదే సమయానికి శైలజ వాళ్ల నాన్న ఏదో సర్టిఫికెట్ పని మీద బడికి వచ్చి, బయట నిలబడిన కూతుర్ని చూశారు. ఇంటి దగ్గర ఏం జరిగిందో రమకు తెలియదు. మరుసటి రోజు భోజనం దగ్గర చోటు లేదు. ‘పేర్లు రాసేవాళ్లకు ఇక్కడ చోటు లేదు’ అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అన్నారు. తర్వాత అనవలసిన అవసరం రాలేదు. రమ రాగానే జట్టు కొంచెం దగ్గరకు జరిగి కూర్చుంటుంది, సందు మూసుకుపోతుంది. లక్ష్మి మొదట్లో కళ్లు దించుకునేది, తర్వాత అదీ మానేసింది.

‘మీకు చెబితే అది కూడా పేర్లు రాసినట్టే కదా మేడమ్’ అంది.

కేసు మొత్తం ఆ వాక్యంలో ఉంది. ఆమెకు శిక్ష పడిందే పేర్లు చెప్పినందుకు. మేము ఆమెను అడుగుతున్నది మళ్లీ పేర్లు చెప్పమనే. ఫిర్యాదుల పెట్టె, ‘ఎవరైనా ఏమైనా అంటున్నారా’ అన్న ప్రశ్న, వేయకుండా ఆపిన సోషియోగ్రామ్, అన్నీ ఆమె చేతికి మళ్లీ అదే సుద్దముక్క ఇవ్వడమే.

ఆమె వెళ్లాక, ఆమె వాడిన మాటలను ఆమె వాడినట్టే తేదీతో రాసి పెట్టుకున్నాను. నా వ్యాఖ్యానం కలపలేదు. తర్వాత ఎప్పుడైనా తల్లిదండ్రులు లేదా పై అధికారులు అడిగితే, టీచర్ ఊహకూ పిల్ల మాటకూ తేడా కనబడాలి.

తర్వాతి నిర్ణయాలు

‘ఏం చేస్తే బాగుంటుంది?’ అని ఆమెనే అడిగాను. మూడు విషయాలు వద్దంది. శైలజను తిట్టవద్దు. అందరినీ పిలిచి చేతులు కలిపించవద్దు. అమ్మకు చెప్పవద్దు, చెబితే అమ్మ ఆ వీధికి వెళ్లి గొడవ పెట్టుకుంటుంది. ఏం కావాలో మాత్రం చెప్పలేకపోయింది. కొంచెం ఆగి, ‘లీడర్‌గా నేను ఉండను’ అంది.

మొదటి రెండూ ఆమె వద్దనకపోయినా నేను చేసేదాన్ని కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడం సమాన బలం ఉన్నవాళ్ల తగాదాకు పనికొస్తుంది. ఇక్కడ ఒకవైపు ఐదుగురు, ఒకవైపు ఒకరు. నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపును మామూలు పోట్లాట నుంచి విడదీయడానికి చెప్పిన కొలతల్లో ఇది ముఖ్యమైనది. పదే పదే జరగడం, కావాలని చేయడం, వాటితోపాటు బలం ఒకవైపే ఉండటం. అలాంటప్పుడు రాజీ అంటే బలహీనురాలు మన ముందు క్షమాపణ చెప్పి, గుమ్మం దాటాక దానికి మూల్యం చెల్లించడమే.

ఆమె లీడర్‌గా తప్పుకోవడానికి వెంటనే ఒప్పుకోలేదు. అప్పటికప్పుడు తప్పిస్తే జట్టు గెలిచినట్టు అవుతుంది. దానికి బదులు నల్లబల్ల మీద పేర్లు రాసే పద్ధతినే తీసేశాం. కారణం రమ అని తెలియకుండా ఉండాలంటే ఒక్క ఏడో తరగతిలో తీస్తే కుదరదు. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి అన్ని తరగతుల్లో ఆపించాను. స్టాఫ్ రూములో ఇది తేలిగ్గా జరగలేదు. ‘మరి టీచర్ లేనప్పుడు క్లాసు ఎలా ఆగుతుంది?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. టీచర్ లేని పీరియడ్‌కు పక్క గది టీచర్ రెండు తలుపులూ తెరిచి ఉంచి చూసుకోవాలని, నల్లబల్ల మీద ఒక పని ముందే రాసి ఉంచాలని తేల్చుకున్నాం. గొడవ కొంచెం పెరిగింది. పెరుగుతుందని తెలిసే ఒప్పుకున్నాం. పెద్దవాళ్లు చేయవలసిన కాపలా పనిని ఒక పిల్ల చేత చేయించి, దానికి పిల్లలు ఇచ్చే జీతాన్ని ఆ పిల్లనే తీసుకోమనడం కన్నా ఆ గొడవ నయం. నెలవారీ వంతుల పద్ధతి వచ్చాక, తన నెల ముగిసినట్టుగా రమ లీడర్ పని వదిలేసింది.

ఆ తర్వాత జట్టుతో విడివిడిగా మాట్లాడాను. స్వీడన్‌లో పనిచేసిన అనాతోల్ పికాస్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన పద్ధతి ఒకటుంది. అందులో నింద మోపరు, విచారణ చేయరు. ఒక పిల్ల ఇబ్బందిలో ఉందన్న ఆందోళనను పంచుకుని, నువ్వేం చేయగలవని అడుగుతారు. నేను దాన్ని అక్షరాలా పాటించానని చెప్పను, వెన్నెముక మాత్రం అదే. ఒకే పూట, ఒకరి తర్వాత ఒకరిని పిలిచాను. మధ్యలో విరామం వస్తే అందరూ ఒకే మాట మీదికి వచ్చేస్తారు. ‘రమ మధ్యాహ్నం ఒంటరిగా ఉండటం నేను చూశాను. నాకు దిగులుగా ఉంది. నువ్వేమైనా గమనించావా?’ ఇంతే అడిగాను. చూసింది నేను అని చెప్పడం ముఖ్యం. కొన్ని రోజులు నిజంగానే చూశాను కాబట్టి అది అబద్ధం కాదు, రమ చెప్పిందన్న మాట రాదు.

లక్ష్మిని మొదట పిలిచాను. వెంటనే ఏడ్చింది. ‘నేను మాట్లాడితే నాకూ చోటుండదు’ అంది. మిగతా ముగ్గురూ దాదాపు అదే భయాన్ని రకరకాలుగా చెప్పారు. ఒక్కరికీ రమ మీద కోపం లేదు. ఒకమ్మాయికి మొదలు ఎందుకైందో కూడా గుర్తులేదు.

శైలజను చివర పిలిచాను. నాకు కష్టమైన సంభాషణ అదే. ఆమె ఏడవలేదు. ‘నన్ను మా నాన్న చూశారు మేడమ్’ అంది. ఆ రోజు ఇంట్లో దెబ్బలు పడ్డాయని నెమ్మదిగా తెలిసింది. ఇది రమ పడ్డ బాధను చెరపదు. శైలజ చేసినది తప్పు అనే చెప్పాను, మెత్తగానే కానీ స్పష్టంగా. దెబ్బల విషయం విడిగా చూడవలసినది కాబట్టి ప్రధానోపాధ్యాయులకు తెలియజేసి, ఆమె తల్లితో వేరుగా మాట్లాడాం. అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చని శైలజకు చెప్పాను. ఆ పిల్లను ఒక దోషిగా మాత్రమే చూసి ఉంటే ఈ విషయం బయటికి వచ్చేది కాదు.

రమ తల్లికి చెప్పడం గురించి రమతో మళ్లీ కూర్చున్నాం. ఎప్పటికీ చెప్పకుండా ఉండటం నాకు సమ్మతం కాదు, పిల్ల సరిగా తినడం లేదన్నది తల్లికి తెలియాలి. ఏదైనా చేశాక, చేసినదాన్ని చూపించి చెబుదామన్నాను, ఒప్పుకుంది. తల్లి వచ్చినప్పుడు అనుకున్నట్టే లేచి నిలబడి, ‘ఇప్పుడే వెళ్లి అడుగుతాను’ అంది. పేర్లు రాసే పద్ధతి తీసేశామని, అందరితో మాట్లాడామని, వారం వారం నేను చూసి చెబుతానని అన్నాక కూర్చుంది. ప్రైవేటు బడికి మార్చేద్దామన్న ఆలోచన అప్పటికే ఆ ఇంట్లో నడుస్తోందట. ఫీజు కోసం అప్పు అడిగిన చోటు కూడా చెప్పింది.

ఏం మారింది, ఏం మారలేదు

వడ్డన దగ్గర సాయం చేసే పనిని క్లాసు మొత్తానికీ హాజరు పట్టీ వరుసలో ఇద్దరిద్దరికి వేశాం. జంటగా పని చేసినవాళ్లు కంచాలు పట్టుకుని చివరలో కలిసే కూర్చుంటారు, ఎవరూ కూర్చోమనక్కరలేదు. ఈ ఏర్పాటు రమ కోసమే చేశానన్నది ఎవరికీ తట్టలేదు. హాజరు పట్టీలో ఆమె పక్కన ఉన్నది మరో జట్టు పిల్ల, పెద్దగా మాట్లాడదు, బొమ్మలు బాగా వేస్తుంది. కొన్నాళ్లకు వంతు లేని రోజుల్లో కూడా వాళ్లిద్దరూ సైకిళ్ల షెడ్డు పక్కన కూర్చోవడం చూశాను. పాత జట్టులోకి తిరిగి చేర్చడం నా లక్ష్యంగా పెట్టుకోలేదు. ఒక్క తోడు దొరికితే పిల్ల నిలబడుతుంది. ఐదుగురి మనసు మార్చే పనిలో పడితే ఆ ఒక్క తోడును వెతకడం మరచిపోతాం.

ముందు అన్నం పెరిగింది. ఆ మాట కూడా వంటావిడే చెప్పింది. కడుపునొప్పి వెంటనే పోలేదు, సంక్రాంతి సెలవుల తర్వాతే తగ్గింది. లక్ష్మి సంక్రాంతికి ముందే ఒక రోజు రమ దగ్గరకు వచ్చి కూర్చుంది. రమ జరిగి చోటిచ్చింది, కానీ పాత స్నేహం తిరిగి రాలేదు. ‘మాట్లాడుతున్నాను మేడమ్, అంతే’ అంది. అది ఆమె ఇష్టం. క్షమించమని చెప్పే పని నాది కాదు.

శైలజ జట్టు రమకు చోటివ్వలేదు. సందు మూసుకోవడం మాత్రం ఆగింది. ఆ జట్టు తర్వాత తానుగా రెండుగా చీలింది. మార్చి నెలలో వేరే పిల్ల ఒకతె వరుసలో కొసకు జరుగుతోందని వంటావిడ నాతో అంది. ఈసారి మేము పటం దాకా ఆగలేదు.

ఏడాది చివర ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్‌కు అప్పగించిన కాగితంలో రమ పేరు రాయలేదు. భోజన వేళ ఒక టీచర్ వరుస దగ్గర కాక వరండా చివర నిలబడాలని, విరామంలో సాయానికి వచ్చే పిల్లకు పని ఇస్తూనే ‘ఈ రోజు ఎక్కడ కూర్చుని తిన్నావు?’ అని అడగాలని, ఆ ప్రశ్నకు చోటు పేరు చెప్పి మనిషి పేరు చెప్పకపోతే మరుసటి రోజు మళ్లీ అడగాలని రాశాను. వంటావిడ చెప్పే మాటను రోజూ ఒకసారి వినాలని కూడా. తీసేసిన పేర్ల జాబితా పై తరగతుల్లో ఒకచోట మళ్లీ మొదలైందని విన్నాను. ఆ మాస్టారితో ఇంకా వాదిస్తున్నాను.